పచ్చ అంటే ఏ పచ్చ

తమ్ముడు ఎప్పుడు ఫోన్ చేసినా ముందు "తిన్నావా అక్కా" అని అడుగుతాడు. ఆ రోజు అడగలేదు. "నువ్వు రాసిన వ్యాసం మా ఆసుపత్రిలో కొంప ముంచేలా ఉంది. ఒకసారి రాగలవా?" అన్నాడు.

అతను పెద్దాసుపత్రిలో ల్యాబ్ డాక్టరు. ఆవిడ యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రం చెబుతుంది. మనం మాట్లాడే భాష మన ఆలోచనను ఎంతవరకు మలుస్తుందన్నది ఆవిడ పట్టుకున్న ప్రశ్న. విద్యార్థులు చాటుగా "భాషల మేడమ్" అంటారు. అప్పుడప్పుడు నోరు జారి ఎదురుగానే అనేస్తారు. ఆవిడ పట్టించుకోదు.

కొండల మీద కొన్ని ఊళ్ళవాళ్ళు మాట్లాడే భాష ఒకటుంది. అందులో నీలానికీ ఆకుపచ్చకీ కలిపి ఒకటే మాట, "లెంబ". ఆకాశమూ లెంబే, ఆకూ లెంబే. మేడమ్ ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళు తిరిగి, అక్కడివాళ్ళకి రంగు బిళ్ళలు చూపించి, వాళ్ళు ఏ రంగును ఏమంటారో, ఏవి ఎలా గుర్తుపెట్టుకుంటారో రాసింది. తమ్ముడు చెప్పింది ఆ వ్యాసం గురించే.

"మా దగ్గర ఆ కొండభాష నర్సులు చాలామందే ఉన్నారు కదా," అన్నాడు. "వాళ్ళెవరూ ఇక రక్తం శాంపిల్ తీయకూడదని మా నాణ్యత అధికారి ప్రతిపాదన పెట్టాడు. ఆధారం ఏంటంటే నీ వ్యాసం."

మేడమ్ డైరీ తీసి మర్నాటి క్లాసు కొట్టేసింది. తర్వాత, "రేపు పొద్దున్నే వస్తా," అంది.

జరిగింది ఇదీ. తాపీమేస్త్రీ ఒకాయన పరంజా మీంచి పడ్డాడు. తలలో రక్తం చేరింది. ఆయన అప్పటికే గుండె కోసం రక్తం పలచబడే మందు వాడుతున్నాడు. కత్తి పెట్టాలంటే ముందు రక్తం గడ్డకడుతుందో లేదో తెలియాలి. ఆ పరీక్షకి లేతనీలం మూత ట్యూబ్‌లో రక్తం తీయాలి. వార్డు నుంచి ఆకుపచ్చ మూత ట్యూబ్ వచ్చింది. ఆకుపచ్చ మూతవాటిలో ఉండే మందు రక్తాన్ని అసలు గడ్డకట్టనివ్వదు, వేరే పరీక్షలకి అది పనికొస్తుంది గానీ దీనికి పనికిరాదు. ల్యాబ్‌వాళ్ళు వెనక్కి పంపి, ఫోన్ చేసి, "నీలం మూత కావాలి, మళ్ళీ తీయండి" అన్నారు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆకుపచ్చే. చివరికి తమ్ముడే మెట్లు దిగి పరుగెత్తి, తన చేత్తో నీలం ట్యూబ్ పట్టుకొని మంచం దగ్గర నిలబడ్డాడు. ఆపరేషన్ ఆలస్యమైంది గానీ మేస్త్రీ బతికి బయటపడ్డాడు. ఇప్పుడు జావ తాగుతున్నాడట, నర్సుల మీద విసుక్కుంటున్నాడట కూడా.

ఆ వార్డులో ఆ పూట ఉన్నది ఇద్దరు కొండభాష నర్సులు. పెద్దామెను అందరూ "పిచ్చుక సిస్టర్" అంటారు. సన్నగా, పొట్టిగా, ఒకచోట కుదురుగా నిలబడకుండా ఉంటుంది కాబట్టి. రెండోది ఆవిడ పిన్ని కూతురు, ఈమధ్యే ఉద్యోగంలో చేరింది.

మర్నాడు మేడమ్ ముందు నాణ్యత అధికారి గదికి వెళ్ళింది. ఆయన్ని ఆసుపత్రిలో "కొలతల సారు" అంటారు. చేతులు ఎంతసేపు కడిగారో, తలుపు ఎంత తెరిచారో కూడా కొలుస్తాడని. మనిషి మర్యాదస్తుడు. కుర్చీ తనే జరిపి వేశాడు.

"మీరు వస్తారని అనుకోలేదు మేడమ్," అన్నాడు. "మీ వ్యాసం మొత్తం చదివాను. నీలం, ఆకుపచ్చ బిళ్ళల్ని వీళ్ళు తెలుగువాళ్ళ కంటే ఎక్కువ పొరబడ్డారని మీరే రాశారు."

"రాశాను. ఏ బిళ్ళలో చూశారా సార్?"

"నీలం, ఆకుపచ్చ."

"నీలానికీ ఆకుపచ్చకీ సరిగ్గా సరిహద్దులో ఉండే బిళ్ళలు. ఇది నీలమా ఆకుపచ్చా అని ఇంట్లో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటారే, ఆ రంగులు. ఒకటి చూపించి, దాచేసి, కాసేపాగి, ఇందాకటిది వీటిలో ఏదని అడిగాం. రెండూ పక్కపక్కన పెట్టి ఒకటేనా వేరా అని అడిగినప్పుడు అందరూ సరిగ్గానే చెప్పారు. అది కూడా రాశాను."

కొలతల సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వీడియోలో చూశాను మేడమ్. ఎక్కడో ఒక తెగవాళ్ళ ముందు గుండ్రంగా ఆకుపచ్చ గళ్ళు పెట్టి, మధ్యలో ఒక నీలం గడి పెట్టారు. వాళ్ళు ఏది వేరో పట్టుకోలేక తల గోక్కున్నారు. మాట లేకపోతే రంగే కనిపించదని అందులో చెప్పారు."

"ఆ వీడియో నేనూ చూశాను. ఎంతమంది పంపారో లెక్కలేదు. అందులో చూపినట్టు జరిగిందని చెప్పే ప్రయోగం ఏ శాస్త్ర పత్రికలోనూ లేదు సార్. అది టీవీ కోసం తీసిన దృశ్యం."

"కావచ్చు. కానీ కంటి డాక్టరు చుక్కల బొమ్మల పరీక్ష పెట్టి, ఇద్దరికీ రంగుల చూపు బాగానే ఉందన్నాడు. నీలం, ఆకుపచ్చ అనే తెలుగు మాటలు ఇద్దరికీ వచ్చు. కన్ను బాగుండి, మాట వచ్చి, అయినా నీలం అంటే ఆకుపచ్చ తీస్తే ఇంక తప్పు బుర్రలోనే కదా ఉండాలి? వాళ్ళు ఆలోచించేది ఆ భాషలో. అందులో తేడా లేదు." ఆయన గొంతు తగ్గించాడు. "నేను చెడ్డవాణ్ణి కాదు మేడమ్. ఆ మేస్త్రీ పోయి ఉంటే వాళ్ళింటికి వెళ్ళి చెప్పాల్సింది నేనే. రేపు ఇంకొకరికి ఇలా జరిగితే?"

మేడమ్‌కి ఆయన మీద కోపం రాలేదు. భయపడ్డ మనిషి దొరికిన కొమ్మ పట్టుకున్నాడు. ఆ కొమ్మ తన చెట్టుది కావడమే ఆవిడకి గుచ్చుకుంది.

పిచ్చుక సిస్టర్‌ని అప్పటికే వార్డు నుంచి తీసేసి బట్టల గదిలో దుప్పట్లు మడతపెట్టే పని ఇచ్చారు. చెల్లెలు కూడా అక్కడే ఉంది. గది నిండా ఇస్త్రీ వాసన. మేడమ్‌ని చూసి ఇద్దరూ లేచి నిలబడ్డారు. మేడమ్ ఒక దుప్పటి అంచు అందుకొని, "కూర్చోండమ్మా, మడతపెడుతూనే మాట్లాడుకుందాం," అంది, వాళ్ళ భాషలోనే.

ఆ మాట వినగానే చెల్లెలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిచ్చుక మాత్రం దుప్పటి మడత సరిచేస్తూ, తల ఎత్తకుండా తెలుగులోనే అడిగింది.

"మేడమ్, ఒక్కటి చెప్పండి. మీకు కనిపించేది నాకు కనిపించట్లేదా?"

"ఎందుకలా అడుగుతున్నావు?"

"ఆ సారు చెప్పాక ఇంటికి వెళ్తూ దారంతా చూశాను. చెట్లు చూశాను, పైన ఆకాశం చూశాను. నాకు రెండూ వేరుగానే ఉన్నాయి. కానీ మీవాళ్ళకి ఇంకా ఎంత వేరుగా కనిపిస్తాయో నాకేం తెలుసు? నాకు లేనిది నాకు లేదని ఎలా తెలుస్తుంది? ఇన్నేళ్ళుగా సూది పట్టుకున్నాను. పసిపిల్లల నరం కూడా చిటికెలో దొరికేది. ఇప్పుడు కూరగాయల కొట్లో వంకాయ తీయాలన్నా చెయ్యి ఆగుతోంది."

అబ్బే, అదేం లేదమ్మా అని తల నిమిరి వెళ్ళిపోవడం తేలికే. కానీ పరీక్షించకుండా చెప్పే ధైర్యం ధైర్యం కాదని మేడమ్‌కి తెలుసు. "అది కనుక్కోడానికే వచ్చాను. ముందు ఆ పూట ఏం జరిగిందో చెప్పు. ఎవరెవరు ఏమన్నారో, ఉన్నదున్నట్టు."

పిచ్చుక చెప్పింది. ఫోన్ తనే తీసింది. ఇంకో మంచం దగ్గర ఒకాయనకి ఆయాసం. ఒక చేత్తో ఆయన వీపు పట్టుకొని, మెడకీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకొని వింది. నీలం మూత అన్నారు. మేస్త్రీ దగ్గరున్న చెల్లెలికి కేకేసి చెప్పింది.

"ఏమని చెప్పావు?"

"నీలం మూత ట్యూబ్‌లో మళ్ళీ తీయమన్నాను. విచారణలోనూ అదే చెప్పాను."

"ఏ భాషలో కేకేశావు?"

పిచ్చుక చేతిలో దుప్పటి ఆగింది. చెల్లెలి వంక చూసింది. చెల్లెలు అక్క వంక చూసింది.

"మన భాషలోనే," అంది చెల్లెలు, మెల్లగా. "లెంబ మూతదాంట్లో మళ్ళీ తీయవే అంది అక్క."

"నువ్వేం అనుకున్నావు?"

"నేను మొదటిసారి తీసింది లెంబ మూతదాంట్లోనే కదా మేడమ్. ఆకులాంటి లెంబ. రక్తం చాల్లేదేమో, ఇంకాస్త కావాలేమో అనుకున్నా. అదే రంగుదాంట్లో మళ్ళీ నిండుగా తీశా."

"మొదటిసారి కూడా అక్కే చెప్పిందా?"

"అవును. లెంబది తియ్యి అంది. ట్రేలో ముందు ఆకు లెంబది కనబడింది, తీశాను. ఆకాశం లెంబది అవతలి వరసలో ఉంది. ఊళ్ళో అయితే ఆకులాంటిదా ఆకాశంలాంటిదా అని అడిగేదాన్ని. ఆ హడావుడిలో అడగాలని తోచలేదు."

"విచారణలో ఇది చెప్పలేదేం?"

"ఏం చెప్పింది అని తెలుగులో అడిగారు మేడమ్. అక్క చెప్పిన రంగే తీశానన్నా. అబద్ధం కాదు కదా."

పిచ్చుక దుప్పటి పక్కన పెట్టి గోడకి ఆనుకుంది. "నేను నీలం అన్నాననే అనుకున్నాను," అంది. "నా మనసులో నీలమే ఉంది. నోట్లోంచి లెంబ వచ్చింది."

మేడమ్‌కి గుండె మీది రాయి సగం దిగినట్టయింది. సగమే. ఈ ఒక్క సంఘటనకి కారణం దొరికింది గానీ, కొలతల సారు భయానికి జవాబు ఇంకా దొరకలేదు. మాట దారిలో తేడా మాసిపోయిందన్నది నిజం. అలాగని తలలో ఏమీ మాసిపోదని తేలినట్టు కాదు. నర్సు కంప్యూటర్ మీద రంగు చూసి, ట్రే దాకా నడిచి వెళ్తుంది. ఆ మధ్యలో రంగును గుర్తుపెట్టుకోవాలి. ఒకే మాట ఉన్నవాళ్ళకి సరిహద్దు రంగులు జ్ఞాపకంలో కలిసిపోతాయని తనే చూపించింది. ఈ మూతల రంగులు సరిహద్దుకి చాలా దూరం. కాబట్టి కలవకూడదు. కానీ కలవకూడదు అనుకోవడం వేరు, కలవలేదని చూడడం వేరు.

ఆవిడ తమ్ముడి గదికి వెళ్ళి, "ఒరే, ఇలాంటి తప్పు ట్యూబులు అన్ని వార్డుల నుంచీ వస్తాయా?" అని అడిగింది.

"అప్పుడప్పుడు అన్నిచోట్ల నుంచీ వస్తాయి. నీలం బదులు ఆకుపచ్చ మాత్రం ఎక్కువగా ఆ వార్డు నుంచే. అందుకే ఆయనకి అనుమానం."

"ఆ వార్డులోనే కొండభాష వాళ్ళు ఇద్దరిద్దరు కలిసి పనిచేస్తారు. వేరే వార్డుల్లో ఒక్కొక్కరే, తెలుగువాళ్ళ మధ్య. అక్కణ్ణుంచి?"

తమ్ముడు ఆలోచించాడు. ల్యాబ్‌లో ట్యూబులు అందుకునేవాళ్ళని పిలిచి అడిగాడు. పిల్లల వార్డులో పనిచేసే కొండభాష సిస్టర్ దగ్గర్నుంచి అలాంటిది ఎన్నడూ రాలేదన్నారు. ప్రసూతి వార్డు నుంచీ అంతే.

"బుర్రలో లోపమైతే ఒంటరిగా ఉన్నా తప్పు రావాలి కదరా," అంది మేడమ్.

"మరింకేం, వెళ్ళి చెప్పు."

"ఇంకా కాదు. పరీక్ష పెట్టాలి."

కొలతల సారు దగ్గరకెళ్ళి ఆ మాటే చెప్పింది. "కొండభాష సిస్టర్లని, అంతేమంది తెలుగు సిస్టర్లని పిలుద్దాం. మీరూ ఉండండి. ట్యూబుల దగ్గర వీళ్ళు వాళ్ళకంటే ఎక్కువ తప్పులు చేశారంటే మీ ప్రతిపాదన కింద నేనే సంతకం పెడతాను."

ఆయన కాస్త ఆశ్చర్యంగా చూసి, సరేనన్నాడు.

పరీక్ష సమావేశాల గదిలో జరిగింది. తప్పొప్పులు రాసేవాళ్ళకి ఎవరిది ఏ భాషో తెలియకుండా ఉండేందుకు, జవాబు చెప్పిన సిస్టర్ తెర వెనక నుంచి ట్యూబ్ మాత్రమే అందించాలని మేడమ్ ఏర్పాటు చేసింది. మొదట, కొన్ని ట్యూబుల్లో రంగు వేరుగా ఉన్నది తీయడం. తర్వాత, ఒక మూత చూపిస్తారు. సిస్టర్ నడవా చివరిదాకా నడిచి వెనక్కి వచ్చి ట్రేలో అలాంటిది తీయాలి. నడిచేటప్పుడు మనసులో రంగు పేరు జపించకుండా, ఒక అంకె నుంచి వెనక్కి లెక్కపెడుతూ ఉండాలి. ఇంకో విడత దీపాలు తగ్గించి, వార్డులో రాత్రిపూట ఉండేంత వెలుతురులో.

"లెక్కపెట్టడం ఎందుకు?" అన్నాడు కొలతల సారు.

"నీలాన్ని రెండు వేరు మాటలుగా విడదీసే భాషలు ఉన్నాయి. ఆ మాటల సరిహద్దుకి అటొకటి ఇటొకటి ఉండే రంగుల్ని ఆ భాషవాళ్ళు రెప్పపాటు కంటే తక్కువ తేడాతో ముందుగా పట్టుకున్నారు. నోట్లో అంకెలు తిప్పమంటే ఆ తేడా పోయింది. అంటే మాట అప్పటికప్పుడు సాయం చేస్తోందే గానీ, కంటినే మార్చెయ్యలేదని మేం అనుకుంటున్నాం. ఆ సాయం కూడా తీసేసినా వీళ్ళు సరిగ్గా తీస్తే, ఇంక అనుమానం అక్కర్లేదు."

పిచ్చుక వంతు వచ్చింది. ఎప్పుడూ గెంతుతూ నడిచే మనిషి ఆ నడవాలో నీళ్ళబిందె మోస్తున్నట్టు నడిచింది. మేడమ్ తెర ఇవతల కూర్చుని ఆ అడుగుల చప్పుడు వింటోంది. వ్యాసాలు రాసేటప్పుడు ఎన్నో ఫలితాల కోసం ఎదురుచూసింది. ఒక మనిషి బతుకు దాని మీద ఆధారపడి ఉండడం ఇదే మొదటిసారి. ట్యూబ్ తెర కింద నుంచి వచ్చింది. లేతనీలం. మళ్ళీ నడక. ఆకుపచ్చ. మళ్ళీ నడక. దీపాలు తగ్గాయి. లేతనీలం.

ఒక్కటీ తప్పు లేదు. చెల్లెలిదీ అంతే, మిగతా కొండభాష సిస్టర్లదీ అంతే. తెలుగు సిస్టర్లలో ఒకామె లెక్క తప్పి, నవ్వొచ్చి, ఎరుపు మూత తీసింది.

చివర్లో మేడమ్ తన రంగు బిళ్ళలు తీసింది, సరిహద్దువి. వాటిని చూపించి, దాచి, అడిగినప్పుడు కొండభాష సిస్టర్లు తెలుగువాళ్ళ కంటే కాస్త ఎక్కువే తడబడ్డారు.

"ఇది చూపించకపోతే మీ వాదన ఇంకా గట్టిగా ఉండేది కదా మేడమ్," అన్నాడు కొలతల సారు.

"ఉండేది. కానీ నిజం సగమే ఉండేది."

మర్నాడు పెద్ద డాక్టరమ్మ గదిలో సమావేశం. ఆసుపత్రి మొత్తానికీ ఆవిడదే చివరి మాట. పిచ్చుకనీ చెల్లెలినీ కూడా పిలిచారు. ఇద్దరూ కుర్చీ అంచు మీద కూర్చున్నారు. తమ్ముడు కిటికీ దగ్గర నిలబడ్డాడు.

మేడమ్ జరిగినదంతా చెప్పింది. ఫోన్ గురించి, కేక గురించి, లెంబ గురించి, పరీక్ష గురించి. పెద్ద డాక్టరమ్మ సూటిగా అడిగింది. "అయితే భాష ఆలోచనను మార్చదనేగా మీరంటున్నది?"

"కాదండీ. మారుస్తుంది, కాస్త. దగ్గరి రంగుల్ని ఎంత త్వరగా విడదీస్తామో, ఎలా గుర్తుపెట్టుకుంటామో, అక్కడ భాష వేలు పెడుతుంది. ఆ ఫలితాల్లో కొన్ని గట్టిగా నిలబడ్డాయి, కొన్ని వేరేవాళ్ళు మళ్ళీ చేస్తే రాలేదు. ఇంకో భాష నేర్చుకొని అందులో బతికితే ఆ సరిహద్దులు కూడా జరుగుతాయి. మాటలు రాని పసిపిల్లలు కూడా కొన్ని రంగుల గుంపుల్ని వేరుచేస్తారు. మాట లేకపోతే రంగు కనిపించదనేది మాత్రం ఎవరూ చూపించలేదు. ఈ సిస్టర్లకి కనిపించింది."

"మరి చెల్లెలు తప్పు ట్యూబ్ తీసింది. వినడానికి అన్నీ బాగానే ఉన్నాయి గానీ, నాకు ఒకటి మింగుడుపడట్లేదు," అంది పెద్ద డాక్టరమ్మ. "రెండు రంగులూ కళ్ళ ముందే ఉన్నాయి, రెండూ వేరుగా కనిపిస్తున్నాయి. అయినా ఏదని అడక్కుండా ఎలా తీస్తారు ఎవరైనా? ఏమండీ, ఆ ప్రతిపాదన ఒకసారి చూస్తాను, ఆ పచ్చ ఫైలు ఇవ్వండి."

చివరి మాట కొలతల సారుకి. ఆయన పక్కనున్న దొంతరలోంచి ఒక ఫైలు తీసి అందించాడు.

"ఇది కాదండీ. పచ్చది."

ఆయన చేతిలోని ఫైలు వంక చూశాడు. ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది. "పచ్చదే కదండీ," అన్నాడు.

"ఆ కిందున్న పచ్చది. పసుపుపచ్చది."

ముందు నవ్వింది తమ్ముడు, ఆపుకోలేక, కిటికీ వైపు తిరిగి. కొలతల సారు చేతిలో ఆకుపచ్చ ఫైలు అలాగే ఉంది. ఆయన దాన్నీ, కింద ఉన్న పసుపు ఫైలునీ మార్చి మార్చి చూశాడు.

మేడమ్ మెల్లగా అడిగింది. "సార్, మీకు ఆ రెండు ఫైళ్ళూ వేరుగా కనిపిస్తున్నాయి కదా?"

"కనిపించకేం."

"గడ్డీ పచ్చే అంటాం, గుడ్డులో సొనా పచ్చే అంటాం. కామెర్లు వచ్చినవాడి కళ్ళు పచ్చగా ఉన్నాయంటే ఏ డాక్టరూ ఆకుపచ్చ కళ్ళ కోసం వెతకడు. మనకి తేడా తెలుసు. అవసరమైతే ఆకు అనో పసుపు అనో ముందు తగిలిస్తాం. తొందరలో తగిలించం. అప్పుడు పైనున్నది చేతికొస్తుంది."

కొలతల సారు ఫైలు బల్ల మీద పెట్టాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పిచ్చుక వైపు తిరిగాడు. "సిస్టర్, నేను పొరపాటు పడ్డాను," అన్నాడు. అందరికీ వినిపించేట్టే అన్నాడు. "మిమ్మల్ని బట్టల గదిలో పెట్టినప్పటి నుంచి నాకూ మనసు మనసులో లేదు. తప్పు జరిగితే ఎవరో ఒకరి తప్పు అయ్యుండాలి అనుకున్నాను."

పిచ్చుక కుర్చీలోంచి లేచింది. "ఆ ఫైలు నేనైనా అదే ఇచ్చేదాన్ని సార్," అంది.

ఈసారి అందరూ నవ్వారు. పెద్ద డాక్టరమ్మ కూడా. చెల్లెలు నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

తర్వాత పని త్వరగానే తెమిలింది. ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. ఇకమీదట ఎవరూ, ఏ భాషవాళ్ళైనా, ట్యూబ్‌ని రంగు పేరుతో అడగకూడదు, పరీక్ష పేరుతో అడగాలి. ఫోన్‌లో విన్నవాళ్ళు విన్నది తిరిగి చెప్పాలి. పక్కవాళ్ళకి చెప్పినా అంతే. ట్రేలో నీలం మూతవీ ఆకుపచ్చ మూతవీ పక్కపక్కన కాకుండా దూరంగా పెట్టాలి. ఈ మార్పులన్నీ కొలతల సారే ఒకటొకటిగా చెప్పాడు. కొలవడానికి మళ్ళీ ఏదో దొరికినందుకు ఆయన ముఖం తేటపడింది.

"మన భాషలో మాట్లాడుకోకూడదా ఇక?" అని చెల్లెలు భయంగా అడిగింది.

"ఎందుకు కూడదమ్మా," అన్నాడాయన. "పరీక్ష పేరు ఒక్కటి అలాగే చెప్పండి. మిగతాది మీ ఇష్టం."

బయట నడవాలో పిచ్చుక మేడమ్ పక్కన నడిచింది. మలుపు దగ్గర అడిగింది, "ఆ సరిహద్దు బిళ్ళల్లో మాత్రం మేం తడబడ్డాం కదా మేడమ్. అది ఉన్నట్టేగా?"

"ఉంది. నేనూ కొన్నిటికి తడబడతాను, వేరేచోట. ఏ భాషవాళ్ళకి ఆ భాష తెచ్చిపెట్టే తడబాట్లు ఉంటాయి. చిన్నవి."

"చిన్నవైతే ఫర్వాలేదు," అంది పిచ్చుక. "నాకు లేనిదేదో మీకందరికీ ఉందేమోనని దడుచుకున్నాను, అంతే."

అప్పుడే వార్డు తలుపు తెరుచుకొని ఒక సిస్టర్ తొంగిచూసింది. "పిచ్చుకా, వచ్చేశావా? మేస్త్రీగారికి నరం దొరకట్లేదు, నీకోసమే కూర్చున్నాడాయన. నువ్వు తప్ప ఎవరూ గుచ్చడానికి వీల్లేదంటున్నాడు."

పిచ్చుక మేడమ్ చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకొని వదిలేసింది. చేతులు కడుక్కోవడానికి పరుగులాంటి నడకతో వెళ్ళింది. తలుపు సందులోంచి మేడమ్‌కి ఆమె వీపు కనిపించింది. మంచం మీదికి వంగి మేస్త్రీ చెయ్యి తిప్పి చూస్తోంది. ఆయన ఏదో గొణిగాడు, ఆమె ఏదో గదమాయించింది. వెనక్కి చెయ్యి చాపి, ట్రే వైపు సరిగ్గా తల తిప్పకుండానే లేతనీలం మూత ట్యూబ్ తీసుకుంది.

తమ్ముడు టీ తాగి వెళ్ళమన్నాడు గానీ మేడమ్ ఆగలేదు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. సంచిలోని రంగు బిళ్ళల డబ్బా ఒళ్ళో పెట్టుకొని, వ్యాసానికి ఒక చిన్న అనుబంధం రాయాలి, ఇవి సరిహద్దు రంగులేనని మొదటి పేజీలోనే చెప్పాలి, అనుకుంది. రెండో వాక్యం ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుండగానే కళ్ళు మూతపడ్డాయి. దిగాల్సిన చోటు దాటిపోయింది. చివరి స్టాపులో కండక్టర్ భుజం తట్టి లేపాడు.

"నిద్ర బాగా పట్టినట్టుందమ్మా."

"పట్టింది బాబూ," అంది మేడమ్. అదే బస్సులో వెనక్కి వెళ్ళడానికి మళ్ళీ టికెట్ తీసుకుంది.